360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్: చిన్న కార్యాలయంలో ఫలితాలు చెప్పే పద్ధతి

ఒక ఉద్యోగి పని తీరు మీద పైఅధికారితో పాటు సహోద్యోగుల నుంచి, ఆ ఉద్యోగి కింద పనిచేసేవారి నుంచి కూడా అభిప్రాయాలు సేకరిస్తారు. వాటిని ఆ ఉద్యోగి తనకు తాను వేసుకున్న మార్కుల పక్కన పెట్టి చూపిస్తారు. ఈ పద్ధతిని 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ అంటారు. సాధారణంగా ప్రశ్నావళిలో ముప్పై నుంచి అరవై దాకా వాక్యాలుంటాయి. ఒక్కో వాక్యానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేయాలి. చివర సొంత మాటల్లో రాయడానికి కొంత ఖాళీ ఉంటుంది. పైఅధికారి మార్కు తప్ప మిగతావి ఎవరు ఏది వేశారో తెలియకుండా కలిపి, సగటుగానో పట్టికగానో ఇస్తారు.

ఎవరికి ఏది కనిపిస్తుంది అన్నదే దీనికి ఆధారం. గడువులోగా నివేదికలు వస్తున్నాయా అన్నది పైఅధికారికి తెలుస్తుంది. పని పంచుకునేటప్పుడు మాట మీద నిలబడుతున్నారా అన్నది సాటివారికి తెలుస్తుంది. కోపం వచ్చినప్పుడు ఎలా ఉంటారు, తప్పు జరిగితే ఎవరి మీదకు నెడతారు అన్న సంగతి కింద పనిచేసేవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సేకరణ వరకూ పెద్ద కష్టం లేదు. వచ్చినదాన్ని ఆ మనిషి చేతిలో పెట్టే గంట దగ్గరే ఈ పద్ధతి నిలబడటమో కూలడమో జరుగుతుంది. పదిమంది లోపు పనిచేసే చోట ఆ గంట మరీ కష్టమైనది. అందుకే ఈ వ్యాసం ఎక్కువగా ఆ భాగం మీదే నిలుస్తుంది.

పుట్టుక, మన దేశంలో రాక

పైనుంచి కిందికే కాక కింది నుంచి పైకి కూడా అభిప్రాయం తీసుకునే ప్రయత్నాలు అమెరికాలో 1950ల నుంచే ఉన్నాయి. ఎస్సో కంపెనీని తొలి ఉదాహరణల్లో ఒకటిగా చెబుతారు. 1990ల నాటికి పెద్ద కంపెనీల్లో ఇది మామూలు విషయమైంది.

మన దేశంలో దీనికి పునాది వేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు ఒక తెలుగువాడిది. మనస్తత్వశాస్త్రం చదువుకున్న టి.వి. రావు 1973లో అహ్మదాబాద్ ఐఐఎంలో చేరారు. ఉదయ్ పారీక్‌తో కలిసి 1970ల మధ్యలో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థకు మానవ వనరుల అభివృద్ధి వ్యవస్థను రూపొందించారు. 1980ల మధ్యలో ఆయన, ఆయన సహచరులు ఐఐఎంలో నాయకత్వ శైలి మీద ఒక శిక్షణ కార్యక్రమం నడిపారు. దానికి వచ్చే మేనేజర్ల గురించి వాళ్ల పైఅధికారులు, సాటివారు, కింది ఉద్యోగుల నుంచి ముందే ప్రశ్నావళులు నింపించి తెప్పించుకునేవారు. పాత్రలు, శైలి, పని అప్పగింత, గుణాలు అనే నాలుగు భాగాలుగా ఆ అభిప్రాయాలను అమర్చే నమూనాను కూడా రావు తయారుచేశారు.

ఆ కార్యక్రమంలో మనం పట్టించుకోవలసింది ఒకటుంది. ఫలితం మేనేజర్ చేతికి అతని ఆఫీసులో అందలేదు. ఊరికి దూరంగా, అతని మీద అధికారం లేని అధ్యాపకుల సమక్షంలో, అలాంటి కాగితమే పట్టుకుని కూర్చున్న మిగతా మేనేజర్ల మధ్య అందింది. జీతం, బదిలీ, పదోన్నతి ఏవీ ఆ కాగితం మీద ఆధారపడి లేవు. తన గురించిన చేదు మాటను మనిషి నిదానంగా చదవగలిగే పరిస్థితులు ఇవే.

ప్రభుత్వంలో తీరు వేరు

ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో మన అలవాటు దీనికి పూర్తిగా ఎదురు. బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన రహస్య నివేదికలో పైఅధికారి ఏం రాశాడో ఉద్యోగికి తెలిసేది కాదు. ప్రతికూలంగా రాస్తే మాత్రం తెలియజేసేవారు. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు ఈ అలవాటును మార్చింది. మంచిదైనా చెడ్డదైనా ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలపాలని చెప్పింది. 2009లో కేంద్ర ప్రభుత్వం వార్షిక పనితీరు నివేదికను మొత్తంగా ఉద్యోగికి చూపాలని ఆదేశాలిచ్చింది.

తర్వాత కొన్నేళ్లకే కేంద్రంలో జాయింట్ సెక్రటరీ, ఆపై స్థాయి పోస్టుల జాబితాలకు అధికారులను ఎంపిక చేయడంలో బహుళ మూలాల అభిప్రాయాన్ని తీసుకోవడం మొదలైంది. అధికారి పైవారు, సాటివారు, కిందివారు ఏమంటున్నారో అడిగి తెలుసుకునేవారు. సిబ్బంది వ్యవహారాల మీది పార్లమెంటరీ స్థాయీ సంఘం 2017లో ఇచ్చిన నివేదికలో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. పద్ధతి పారదర్శకంగా లేదని, వ్యక్తుల ఇష్టాయిష్టాల మీద నడుస్తోందని, అనధికారికంగా అభిప్రాయం తీసుకోవడం వల్ల తారుమారు చేయడానికి వీలుందని పేర్కొంది. క్రమశిక్షణ చర్య తీసుకున్న అధికారి మీద కిందివారు కక్షతో చెప్పవచ్చని కూడా ఎత్తిచూపింది.

ఇందులో అసలు లోపం కిందివారిని అడగడం కాదు. అడిగిన దాన్ని ఎంపికకు వాడారు, సంబంధిత అధికారికి చెప్పలేదు. తనకు తెలియని మాటతో మనిషి నేర్చుకునేదేమీ ఉండదు, దానికి జవాబు చెప్పుకునే దారీ ఉండదు. ఎంపికకు వాడతారని తెలిసినప్పుడు అభిప్రాయం చెప్పేవారి మాట కూడా మారిపోతుంది. స్నేహితుడికి ఐదు, పోటీదారుకు రెండు పడతాయి. సంస్థ ఏది చేసినా ముందే ఒక మాట మీద నిలబడాలి. ఈ కాగితం ఉద్యోగి అభివృద్ధికే అయితే అది అతనిదే, పైఅధికారి ఫైల్లోకి వెళ్లకూడదు. మొదట అభివృద్ధికని చెప్పి రెండో ఏడు ఇంక్రిమెంటుకు కలిపితే, మూడో ఏడు నిజం చెప్పేవారు దొరకరు.

మార్కు ఎంతవరకు నమ్మదగినది

ఫలితం చెప్పబోయే మనిషికి తన చేతిలో ఉన్న అంకెల బలం ఎంతో తెలియాలి. 1997లో కాన్వే, హఫ్‌కట్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశారు. ఒకే మనిషికి ఇద్దరు పైఅధికారులు విడివిడిగా వేసిన మార్కుల మధ్య పొందిక సుమారు 0.50 ఉంది. పూర్తిగా ఒకేలా ఉంటే అది 1 అవుతుంది. ఇద్దరు సాటివారి మధ్య 0.37, ఇద్దరు కిందివారి మధ్య 0.30 మాత్రమే. 2000లో స్కలెన్, మౌంట్, గాఫ్ చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. మార్కుల్లో కనిపించే తేడాలో సగానికి పైగా మార్కులు వేసేవారి సొంత ధోరణి నుంచే వస్తోంది.

అంటే ఒక్క కింది ఉద్యోగి వేసిన మార్కు చాలా బలహీనమైన సాక్ష్యం. ఐదుగురి మార్కులు కలిపి సగటు తీస్తే నమ్మకం పెరుగుతుంది. పై లెక్క ప్రకారం 0.30 ఉన్నది ఐదుగురికి సుమారు 0.68 అవుతుంది, ముగ్గురికైతే 0.56 దగ్గర ఆగుతుంది. ఒక వరుసలో కనీసం ముగ్గురు ఉంటేనే మార్కు చూపాలనే నియమం పేర్ల గోప్యత కోసమే అనుకుంటారు గానీ, ఈ కారణం కూడా దాని వెనక ఉంది.

ఇంకో సంగతి. పైఅధికారి నాలుగు వేసి, కిందివారు రెండు వేస్తే ఒకరు అబద్ధం చెప్పారని అర్థం కాదు. ఇద్దరూ వేర్వేరు గదుల్లో అదే మనిషిని చూశారు. ఫలితం చెప్పేటప్పుడు ‘మీరు ఇలాంటివారు’ అనకూడదు. ‘మీతో పనిచేసే ఈ వరుసవారికి ఇది ఇలా అందుతోంది’ అనాలి. వినేవారి గౌరవం నిలిచేది ఈ తేడా దగ్గరే. అంకెలు నిజంగా చెబుతున్నదీ అంతే.

ఒక ఉదాహరణ: పెదపారుపూడి వంటి చోట గ్రామ సచివాలయం

కృష్ణా జిల్లా గుడివాడ డివిజన్లో మండల కేంద్రమైన పెదపారుపూడి లాంటి ఊళ్లో గ్రామ సచివాలయాన్ని తీసుకుందాం. 2019 అక్టోబరులో మొదలైన ఈ సచివాలయాల్లో పంచాయతీ కార్యదర్శితో పాటు వ్యవసాయ సహాయకులు, ఏఎన్ఎం, డిజిటల్ అసిస్టెంట్, సంక్షేమ విద్యా సహాయకులు, ఇంజనీరింగ్ అసిస్టెంట్, సర్వేయర్, వీఆర్వో వంటివారు ఒకే కప్పు కింద పనిచేస్తారు. రోజూ ఎదురుగా ఉండేది కార్యదర్శి. కానీ శాఖాపరమైన ఆదేశాలు వ్యవసాయ సహాయకుడికి మండల వ్యవసాయ అధికారి నుంచి, ఏఎన్ఎంకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి వస్తాయి. ఒకే పైఅధికారి ఉద్యోగి పనంతా చూడలేని ఏర్పాటు ఇది. బహుళ మూలాల అభిప్రాయం ఉపయోగపడేదీ ఇలాంటి చోటే.

ఇక్కడ చెప్పే మనుషులు, మార్కులు ఊహించినవి. పంచాయతీ కార్యదర్శిగా ఒకామె ఉన్నారు. ఎనిమిది మంది ప్రశ్నావళి నింపారు. ఎంపీడీఓ ఒకరు, పక్క ఊళ్ల పంచాయతీ కార్యదర్శులు ఇద్దరు, సచివాలయ సిబ్బంది ఐదుగురు. నివేదికలో మూడు వాక్యాలు చూద్దాం.

మొదటిది: ‘పథకాల జాబితాల విషయంలో ఒత్తిడికి లొంగకుండా నిలబడతారు.’ ఆమె తనకు మూడు వేసుకున్నారు. సిబ్బంది 4, 4, 5, 5, 5 వేశారు, సగటు 4.6. రెండోది: ‘పని అప్పగించేటప్పుడు కారణం, గడువు స్పష్టంగా చెబుతారు.’ ఆమె నాలుగు వేసుకున్నారు, ఎంపీడీఓ నాలుగు, సిబ్బంది 2, 2, 3, 5, 5. సగటు 3.4. మూడోది: ‘సిబ్బంది చేసిన తప్పును విడిగా పిలిచి చెబుతారు.’ ఆమె నాలుగు, ఎంపీడీఓ నాలుగు, సిబ్బంది 1, 2, 2, 2, 3. సగటు 2.

రెండో వాక్యానికి వచ్చిన 3.4 చూస్తే ‘ఫరవాలేదు’ అనిపిస్తుంది. మార్కులు విడిగా చూస్తే ఆ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఒక్కరే. ఇద్దరికి అంతా స్పష్టంగా ఉంది, ఇద్దరికి ఏమీ తెలియడం లేదు. ఒక్క సగటు మాత్రమే ముద్రించే నివేదిక ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. మూడో వాక్యం అలా కాదు, అక్కడ ఐదుగురూ ఒకవైపే ఉన్నారు. ఎంపీడీఓ వేసిన నాలుగుకు బలం తక్కువ. ఆయన ఆమెను మండల సమావేశాల్లో, టెలికాన్ఫరెన్సుల్లో చూస్తారు గానీ సచివాలయం కౌంటరు దగ్గర కాదు. ప్రశ్నావళిలో ‘గమనించే అవకాశం లేదు’ అనే గడి లేకపోతే ఇలాంటి మర్యాద మార్కులు పడతాయి. ప్రతి వాక్యానికీ ఆ గడి ఉండి తీరాలి.

పేరు లేకున్నా మనిషి తెలిసిపోయే దారులు

సిబ్బంది ఐదుగురు ఉన్నారు కాబట్టి వారి సగటు చూపవచ్చు. పక్క ఊళ్ల కార్యదర్శులు ఇద్దరే. ముగ్గురి కంటే తక్కువైతే ఆ వరుస మార్కు చూపకూడదని నియమం పెట్టుకున్నారనుకుందాం. రెండో వాక్యంలో ఆ వరుసను ఖాళీగా వదిలేశారు. కానీ పక్కన ‘మొత్తం ఎనిమిది మంది సగటు 3.5’ అని ముద్రించారు. ఇక దాచిందేమీ లేదు. ఎనిమిదిని 3.5తో గుణిస్తే 28. అందులో ఎంపీడీఓ నాలుగు, సిబ్బంది మొత్తం 17 తీసేస్తే మిగిలేది ఏడు. ఇద్దరు కార్యదర్శులు కలిసి వేసింది ఏడన్నమాట. వాళ్లలో ఒకరు ‘నేను నీకు నాలుగు వేశానమ్మా’ అని టీ తాగుతూ అంటే రెండోవారు మూడు వేశారని వెంటనే తేలిపోతుంది.

దీనికి విరుగుడు తేలికే. మొత్తం సగటు ముద్రించకూడదు. లేదా మండలంలో ఇంకో ఇద్దరు కార్యదర్శులను ముందే కలుపుకోవాలి. సాటివారినీ సిబ్బందినీ ఒకే వరుసగా చూపడం మూడో దారి. కానీ అప్పుడు ఎవరికి ఏది కనిపిస్తుంది అన్న అసలు ప్రయోజనమే పోతుంది, కాబట్టి అది చివరి దారిగానే ఉండాలి.

రాసిన మాటలు ఇంతకంటే ప్రమాదం. ఇలాంటి కార్యాలయంలో హాజరు పట్టీ, రిజిస్టర్లు చూసి చూసి అందరి దస్తూరీ అందరికీ తెలుసు. కాగితం మీద అయితే టిక్కులు మాత్రమే పెట్టించాలి. వ్యాఖ్యలు టైపు చేయించాలి. గూగుల్ ఫామ్ వాడితే ఈమెయిల్ సేకరించే అమరిక తీసేయాలి. ఆఫీసు కంప్యూటర్ మీద కాక ఎవరి ఫోన్లో వారు నింపాలి. ఎవరు ఎప్పుడు పంపారో తెలిపే సమయాల వరుస కార్యదర్శికి చేరకూడదు. ఇద్దరు ముందురోజు పంపి, ఒకరు శిక్షణ నుంచి తిరిగొచ్చాక పంపితే ఆ సమయమే పేరు చెబుతుంది.

మాటల్లోని వివరమూ అంతే. ఒకరు ఇలా రాశారనుకుందాం: ‘మొన్న ధాన్యం డబ్బులు పడలేదని రైతులు వచ్చి కూర్చున్నప్పుడు, ఈ-క్రాప్‌లో సర్వే నంబరు తప్పు పడిందని వాళ్ల ముందే నన్ను నిలబెట్టి అడిగారు.’ ఇది చదివితే రాసింది ఎవరో ఆమెకు క్షణంలో తెలుస్తుంది. దీన్ని సంధానకర్త, అంటే ఈ పని నడిపించే బయటి మనిషి, ‘పనుల మీద వచ్చిన జనం ముందు సిబ్బంది తప్పును ఎత్తిచూపిన సందర్భాలున్నాయి’ అని తిరగరాయాలి. ధాన్యం, ఈ-క్రాప్, సర్వే నంబరు పోవాలి. జనం ముందు జరిగిందన్న సంగతి మాత్రం పోకూడదు. నొప్పి తగ్గించాలని దాన్ని ‘సిబ్బందితో సంభాషణ మెరుగుపరచుకోవచ్చు’ అని మార్చేస్తే చెప్పినవాళ్ల మాట చెత్తబుట్టలో పడేసినట్టే. అది చదివి ఆమె ఏం మార్చుకోవాలో కూడా తెలియదు. వ్యక్తి గుణం మీద దూషణ ఉంటే తీసేయాలి. జరిగిన పని గురించి ఉంటే ఎంత చేదైనా ఉంచాలి.

ఆ సంధానకర్త అదే మండలం మనిషి కాకూడదు. ఊళ్ల మధ్య చుట్టరికాలు, పరిచయాలు దట్టంగా ఉన్న ప్రాంతంలో ‘ఎవరితోనూ అనను’ అనే మాటను జనం నమ్మరు. నమ్మకపోవడం తప్పు కూడా కాదు. గుడివాడలోనో మచిలీపట్నంలోనో కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు, వేరే జిల్లాలో శిక్షణ ఇచ్చి రిటైరైన అధికారి వంటివారు ఈ పనికి తగినవారు.

చేతిలో పెట్టే గంట

ఫీడ్‌బ్యాక్ ఇస్తే పని తప్పకుండా మెరుగవుతుందని అనుకోవడం సహజం. 1996లో క్లూగర్, డినీసీ ఆరు వందలకు పైగా ఫలితాలను కలిపి చూశారు. సగటున మెరుగుదల ఉన్నా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని ఇంకా తగ్గింది. వారి విశ్లేషణ ప్రకారం దృష్టి చేసే పని మీద నుంచి ‘నేనెలాంటి మనిషిని’ అన్న దాని మీదకు మళ్లినప్పుడు ఫలితం చెడుతుంది. 2001లో బ్రెట్, అట్‌వాటర్ చేసిన అధ్యయనంలో, తక్కువ మార్కులు వచ్చినవారు ఆ మార్కులు సరైనవని నమ్మలేదు. ఎక్కువగా మారవలసినవారే తక్కువగా నమ్మారు. మంచిమాటలు కలిపినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. మాట్లాడే వరుస మారాలి.

నివేదికను ఈమెయిల్లోనో కవర్లోనో పంపకూడదు. మనిషి ఒంటరిగా తెరిచి, అన్నిటికంటే తక్కువ అంకెను వెతికి, దాని దగ్గరే ఆగిపోతాడు. మన కార్యదర్శితో సచివాలయంలో కాకుండా వేరే చోట, సమీక్షా సమావేశం లేని రోజున, పొద్దున పూట గంటన్నర కూర్చోవాలి. సాయంత్రం చెబితే దాన్ని మోసుకుని ఇంటికి వెళ్తారు. శనివారం చెబితే సోమవారం దాకా మోస్తారు.

మొదట సంధానకర్త కాగితం ఎవరిదో చెప్పాలి: ‘ఇది మీ కాగితం మేడమ్. ఎంపీడీఓ గారికి వెళ్లదు, మీరు చూపిస్తే తప్ప.’ తర్వాత ఆమె తనకు తాను వేసుకున్న మార్కులు మాత్రమే తీసి, ప్రతిదానికీ ఎందుకు అంత వేసుకున్నారో ఆమె నోటి నుంచే వినాలి. దీనికి పావుగంట పట్టినా నష్టం లేదు. ఇక్కడే ఆమె మూడో వాక్యానికి నాలుగు వేసుకోవడానికి కారణం బయటపడుతుంది. పెద్ద తప్పులైతే ఆమె నిజంగానే గదిలోకి పిలిచి చెబుతున్నారు. చిన్నచిన్నవి మాత్రం కౌంటరు దగ్గరే అనేస్తున్నారు, అవి ఆమె లెక్కలోకి రావడం లేదు.

తర్వాత సిబ్బంది మార్కులు చూపాలి. మొదటి వాక్యంతో మొదలుపెట్టాలి. అది ముందు తీపి తినిపించడం కోసం కాదు, అందులో నిజంగా సమాచారం ఉంది. ఆమె తనకు మూడు వేసుకున్న చోట సిబ్బంది 4.6 ఇచ్చారు. పథకం జాబితాలో పేరు చేర్చమని వచ్చిన ఒత్తిడిని ఆమె ఎలా ఎదుర్కొన్నారో వాళ్లు గమనించారు, తమకు అండగా భావించారు. ఈ సంగతి ఆమెకు తెలియదు. దీని మీద కూడా మూడో వాక్యం మీద పెట్టినంత సమయం పెట్టాలి. బాగున్నదాన్ని రెండు నిమిషాల్లో దాటేస్తే అది మర్యాదకే చెప్పారని ఎవరికైనా తెలిసిపోతుంది.

మూడో వాక్యం దగ్గర మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ‘ఒకటి వేసింది ఎవరండీ?’ ఇది కోపం వల్లనే రాదు. మనసు గాయపడినప్పుడు కారణం కంటే మనిషి తొందరగా దొరుకుతాడు. దీనికి ‘చెప్పకూడదు’ అని నియమం చదివితే తలుపు మూసినట్టవుతుంది. ఎవరు అన్నదాని బదులు ఎప్పుడు అన్న ప్రశ్న అడగాలి: ‘వారంలో ఏ రోజు జనం ఎక్కువగా ఉంటారు మేడమ్? ఆ రోజు తప్పు కనపడితే ఏం చేస్తుంటారు?’ సమాధానం పరిస్థితి వైపు నడుస్తుంది. పింఛన్ల పంపిణీ రోజులు, పైనుంచి గంట గంటకూ నివేదిక అడిగే రోజులు గుర్తొస్తాయి. రెండో వాక్యంలోని చీలికకు కూడా ఇదే పద్ధతి: ‘పని ఎప్పుడు ఎదురుగా చెబుతారు, ఎప్పుడు వాట్సాప్‌లో పెడతారు?’ పొద్దున ఆఫీసుకు వచ్చేవారికి కారణం మాటల్లో అందుతోంది. పొలాల్లో, ఇళ్ల మధ్య తిరిగేవారికి పైనుంచి వచ్చిన సందేశాన్ని అలాగే పంపించేస్తున్నారు. రెండు వేసింది ఎవరో తేల్చకుండానే చేయవలసిన పని తేలింది.

ఆ రోజు నిర్ణయాలేమీ రాయించకూడదు. రెండు మూడు రోజుల తర్వాత అరగంట మళ్లీ కలవాలి. మొదటి రోజు ‘వీళ్ల కోసం ఇంత చేస్తే ఇదా’ అన్న మనిషి, మధ్యలో కౌంటరు దగ్గర తన మాట తానే విని, రెండోసారి కొత్తగా మాట్లాడటం మామూలుగా జరిగేదే. మారకపోతే, వాదన అలాగే ఉంటే, ఒప్పించే ప్రయత్నం చేయవద్దు. ఆమె అంగీకరించే ఒక్క వాక్యం దొరికితే చాలు.

సిబ్బందికి తిరిగి చెప్పడం

చాలా సంస్థల్లో ఇక్కడితో ఆగిపోతుంది. అభిప్రాయం చెప్పిన ఐదుగురికి తమ మాట ఎక్కడికి పోయిందో తెలియదు. 1999లో వాకర్, స్మిదర్ ఒక బ్యాంకు మేనేజర్లను ఐదేళ్ల పాటు గమనించారు. కింది ఉద్యోగులతో కూర్చుని తమకు వచ్చిన ఫలితం గురించి మాట్లాడిన మేనేజర్లు మిగతావారి కంటే ఎక్కువగా మెరుగుపడ్డారు. అదే మేనేజర్ మాట్లాడిన ఏడాదిలో, మాట్లాడని ఏడాది కంటే మెరుగుదల ఎక్కువగా కనిపించింది.

మన కార్యదర్శి చెప్పవలసింది పది నిమిషాలకు మించనక్కర్లేదు. మార్కులు చదవనక్కర్లేదు. ‘మీరు చెప్పినవి చూశాను. జాబితాల విషయంలో నేను నిలబడటం మీకు అండగా ఉందని తెలిసింది, అది నాకు తెలియదు. జనం ముందు తప్పులు అనేస్తున్నానని కూడా తెలిసింది. ఇక మీద తప్పు కనపడితే కౌంటరు దగ్గర ఏమీ అనను, సాయంత్రం విడిగా మాట్లాడతాను. మర్చిపోయి అన్నానంటే ఆ రోజే వచ్చి గుర్తుచేయండి. ఫీల్డులో ఉన్నవాళ్లకు పని పంపేటప్పుడు ఎందుకు, ఎప్పటికి అన్నది నేనే రాసి పంపిస్తాను.’ ఇంతే. ‘ఎవరికైనా ఇబ్బంది ఉంటే నన్నే అడగొచ్చు కదా’ అనే ఒక్క వాక్యం చేరిస్తే మిగతా అంతా వృథా అవుతుంది. అది నింద, అలాగే వింటారు.

మనోబలం దెబ్బతిన్న గుర్తులు కూడా ఇక్కడే కనిపిస్తాయి. ఫలితం చెప్పిన వారంలో ఆమె ఒకరితో మాట్లాడటం తగ్గించారా, సెలవు అడిగితే కారణాలు ఎక్కువగా అడుగుతున్నారా, తప్పును చూసీ చూడనట్టు వదిలేస్తున్నారా చూడాలి. చివరిది మంచితనంలా కనిపిస్తుంది గానీ అది పని నుంచి వెనక్కి తగ్గడమే. విడిగా పిలిచి చెప్పమన్నారు తప్ప చెప్పడం మానమనలేదు. సిబ్బంది వైపు గుర్తు ఇంకోటి ఉంది. మరుసటి సంవత్సరం అందరూ అన్నిటికీ ఐదు వేస్తే అది మెచ్చుకోలు కాదు, భయపడ్డారని అర్థం. 1994లో ఆంటోనియోనీ చేసిన ప్రయోగంలో, పేరు తెలిసేలా మార్కులు వేసిన కింది ఉద్యోగులు పేరు తెలియకుండా వేసినవారి కంటే ఎక్కువ మార్కులు వేశారు.

ఎంపీడీఓ ఆ కాగితం చూపించమని అడిగే రోజు కూడా వస్తుంది. ఆమె తాను పెట్టుకున్న రెండు పనులు చెప్పవచ్చు, కాగితం ఇవ్వనక్కర్లేదు. ఈ ఒప్పందం ఎంపీడీఓతో ముందే, ప్రశ్నావళి పంచకముందే రాతపూర్వకంగా ఉండాలి. తర్వాత అడిగితే మండలంలో పైఅధికారికి కాదని చెప్పడం ఒక పంచాయతీ కార్యదర్శి వల్ల అయ్యే పని కాదు.

రెండోసారి చేయాలంటే

కనీసం ఏడాది ఆగాలి. 2005లో స్మిదర్, లండన్, రైలీ ఇరవై నాలుగు అధ్యయనాలను కలిపి చూస్తే, మొదటిసారికీ తర్వాతిసారికీ మధ్య మెరుగుదల సగటున చాలా కొద్దిగానే ఉంది. కాబట్టి పెద్ద మార్పు ఆశించి, అది కనపడలేదని నిరాశపడటం సరికాదు. మన ఉదాహరణలో సిబ్బంది సగటు 3.4 నుంచి 3.6 అయితే దాని అర్థం ఐదుగురిలో ఒక్కరు ఒక్క మార్కు ఎక్కువ వేశారని. దాన్ని మెరుగుదల అని గోడకు అంటించకూడదు. అదే 3.2కు పడితే తగ్గిందని పిలిచి అడగనూ కూడదు. మూడో వాక్యం 2 నుంచి 3.4కు వెళ్తే ఆ ఐదుగురూ కలిపి ఏడు మార్కులు ఎక్కువ వేశారన్నమాట, దాని గురించి మాట్లాడుకోవచ్చు.

ఈ మధ్యలో బదిలీలు జరిగి ఐదుగురిలో ఇద్దరు మారితే రెండు సగటులను పోల్చడానికే వీల్లేదు. పైగా వెళ్లినవారి మార్కులు లెక్కగట్టే ప్రమాదం ఉంది. ఐదుగురి సగటు పోయినసారి తెలుసు, మిగిలిన ముగ్గురి మార్కులు ఈసారీ అవేనని ఊహిస్తే తేడా అంతా బదిలీ అయినవారి మీదకు వెళ్తుంది. అలాంటి ఏడాది పాత నివేదికతో పోల్చకుండా కొత్తదాన్ని మాత్రమే ఇవ్వాలి. సిబ్బంది ముగ్గురి కంటే తక్కువగా ఉన్న సచివాలయంలో ఈ పద్ధతిని వాడనే కూడదు. అక్కడ పక్క మండలం నుంచి వచ్చిన సంధానకర్త ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, అందరూ అన్న మాటలు మాత్రమే, వాళ్ల అనుమతితో, నోటితో చేరవేయాలి. కాగితం మీద ఏమీ మిగల్చకూడదు.